పది స్లైడ్లలో హంపి

ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక రకం పోస్టులుంటాయి, మీరూ చూసే ఉంటారు. మొదటి స్లైడు మీద ఊరి ఫోటో, దాని మీద పెద్దక్షరాల్లో ఊరి పేరు, ఎన్ని రోజులు, ఎంత ఖర్చు. వేలితో పక్కకి జరిపితే ఎలా చేరాలి, ఎక్కడ ఉండాలి. తర్వాత మొదటి రోజు, రెండో రోజు. ఆ పైన ఖర్చుల పట్టిక, కొత్తగా వెళ్ళేవాళ్ళకి సలహాలు. చివరి స్లైడులో 'సేవ్ చేసుకోండి, ఎవరితో వెళ్ళాలనుకుంటున్నారో వాళ్ళకి పంపండి' అని ఒక విన్నపం. దీన్ని కారౌజెల్ అంటున్నారు. 2017లో ఒకే పోస్టులో పది ఫోటోల దాకా పెట్టుకునే వీలు వచ్చాక ఈ రకం మొదలైంది. 2024లో ఆ పదిని ఇరవై చేశారు కానీ చాలామంది ఇంకా పదికి అటూ ఇటూగానే సర్దుతున్నారు.

దీని గురించి సాహిత్య పత్రికలో రాయడమేమిటని అడగొచ్చు. నా జవాబు ఒక్కటే. నా వయసు వాళ్ళు, నాకంటే చిన్నవాళ్ళు ఒక ఊరికి వెళ్ళే ముందు ఇప్పుడు చదువుతున్నది ఇదే. యాత్రా రచన చదివి బయల్దేరేవాళ్ళు నాకు తెలిసి ఇద్దరో ముగ్గురో. కారౌజెల్ చూసి బయల్దేరేవాళ్ళు మా ఆఫీసులో ప్రతి లాంగ్ వీకెండ్‌కీ ఉంటారు. అంతమంది చదివే రచనని రచనగానే చూడాలి కదా. దానికొక వ్యాకరణం ఉంది, కొన్ని గుణాలున్నాయి, కొన్ని అబద్ధాలూ ఉన్నాయి.

హంపినే తీసుకుంటాను. హైదరాబాద్ నుంచీ బెంగళూరు నుంచీ రెండు రోజుల్లో వెళ్ళిరాగలిగిన చోటు. పైగా రాయల పేరు చెప్తే తెలుగువాళ్ళకి కలిగే చనువు ఒకటుంది. నేను మూడుసార్లు వెళ్ళాను కాబట్టి స్లైడులో ఉన్నదాన్నీ నేల మీద ఉన్నదాన్నీ పక్కపక్కన పెట్టి చూడగలను. ఎవరిదో ఒక పోస్టుని పట్టుకుని ఉతకడం నా ఉద్దేశం కాదు. ఓ డజను పోస్టులు చూసి, వాటిల్లో తరచూ కనిపించే వరసతో ఒక నమూనా తయారు చేసుకున్నాను. ఇలా ఉంటుంది:

కవరు మీద విఠలాలయంలోని రాతి రథం, 'హంపి, 2 రోజులు, ₹3,500'. బస హిప్పీ ఐలాండ్‌లో. మొదటి రోజు విరూపాక్షాలయం, హేమకూటం, విఠలాలయం, సాయంత్రం మాతంగ పర్వతం మీద సూర్యాస్తమయం. రెండో రోజు లోటస్ మహల్, ఏనుగుల శాల, కమలాపురం మ్యూజియం, మధ్యాహ్నం బోటులో నది దాటి అంజనాద్రి మీద సూర్యాస్తమయం, రాత్రి హోసపేటలో రైలు. తర్వాత బడ్జెట్టు, ఆ తర్వాత సలహాలు.

మొదటిసారి చదివితే దీంట్లో తప్పేమీ కనపడదు. పేర్లన్నీ నిజమే, చోట్లన్నీ చూడాల్సినవే. అయినా ఈ ప్రకారం బయల్దేరినవాళ్ళు కనీసం మూడు చోట్ల దెబ్బతింటారు.

ముందు బస సంగతి. హిప్పీ ఐలాండ్ అని పిలిచే విరూపాపుర గడ్డి నదికి అవతలి ఒడ్డున ఉంది. అక్కడి రిసార్టులు అక్రమ కట్టడాలని 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది, మార్చిలో వాటిని కూల్చేశారు. ఇవాళ అవతలి ఒడ్డున ఉండాలంటే ఆనెగొంది, సణాపుర వైపు వెళ్ళాలి. ఇవతల ఉండాలంటే కమలాపురం, హోసపేట ఉన్నాయి. అయినా హిప్పీ ఐలాండ్ స్లైడు ఇంకా తిరుగుతూనే ఉంది. ఎందుకంటే కారౌజెల్ రాసేవాడు చాలాసార్లు ఇంకో కారౌజెల్ చూసి రాస్తాడు. ఇది నాకొక మంచి పరీక్షలా పనికొస్తోంది. హంపి పోస్టు ఏది కనబడినా ముందు బస స్లైడు చూస్తాను. కూల్చేసిన చోట పడుకోమని చెప్పేవాడు ఈ మధ్య ఆ ఊరు వెళ్ళలేదని అర్థం.

ఇక్కడే ఈ రకం రచనలో ఉన్న పెద్ద లోపం బయటపడుతుంది. దానికి తేదీ ఉండదు. పోస్టు కింద తేదీ ఉంటుంది, నిజమే. కానీ స్లైడు బొమ్మ కదా. స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పడేసిన క్షణంలో తేదీ ఊడిపోతుంది. ఆ తర్వాత అది ఎప్పటికీ నిన్న రాసినట్టే కనిపిస్తుంది. పాత గైడు పుస్తకానికి కనీసం అట్ట నలిగి, కాయితం పసుపెక్కి తన వయసు తనే చెప్పుకునేది.

రెండోది దారి. కారౌజెల్ చోట్ల పేర్లని ఒకదాని కింద ఒకటి పేరుస్తుంది. మా వృత్తి భాషలో చెప్పాలంటే అందులో నోడ్లుంటాయి, ఎడ్జిలుండవు. హంపిలో అసలు కథంతా ఎడ్జిల్లోనే ఉంది. ఊరిని స్థూలంగా రెండు గుంపులుగా చూడొచ్చు. నది వెంబడి ఆలయాలు ఒక గుంపు: విరూపాక్షం, హేమకూటం, అచ్యుతరాయాలయం, విఠలాలయం. కమలాపురం వైపు రాజప్రాసాదాల గుంపు ఇంకొకటి: హజారరామాలయం, మహానవమి దిబ్బ, లోటస్ మహల్, ఏనుగుల శాల. విరూపాక్షం నుంచి విఠలాలయానికి నది ఒడ్డున నడిచి వెళ్తే రెండు కిలోమీటర్ల చిల్లర. అదే ఆటోలో అయితే కమలాపురం మీదుగా చుట్టు తిరిగి అంతకు నాలుగైదు రెట్లు వెళ్ళాలి. అక్కడ కూడా ఆటో గుడి దాకా పోదు, చివరి కిలోమీటరు బ్యాటరీ బండి ఎక్కాలి లేదా నడవాలి. స్లైడులో మాత్రం ఈ రెండు పేర్ల మధ్యా ఒక చిన్న బాణం గుర్తు. ఆ బాణం నడకా, ఆటోనా అన్నది చెప్పకపోతే పెద్దవాళ్ళని వెంట తీసుకెళ్ళే మనిషికి ఆ స్లైడు వల్ల ఒరిగేదేమీ లేదు.

అన్నిటికంటే ప్రమాదమైన బాణం రెండో రోజు సాయంత్రానిది. నది దాటి అంజనాద్రి ఎక్కడం, సూర్యాస్తమయం చూడడం, రాత్రి హోసపేటలో రైలెక్కడం. అంజనాద్రికి 575 మెట్లు. సూర్యుడు మునిగాకే చూడడం పూర్తవుతుంది, ఆ తర్వాత మెట్లు దిగాలి. ఈలోపు, చీకటి పడకముందే, బోట్లు ఆగిపోతాయి. అంటే ఆ స్లైడు చెప్పినట్టు చేసిన మనిషి సరిగ్గా చీకటి పడే వేళకి నదికి తప్పు ఒడ్డున ఉంటాడు. విరూపాక్షం వైపు రావాలంటే కడెబాగిలు వంతెన మీదుగా సుమారు 20 కిలోమీటర్ల రోడ్డు. హోసపేట స్టేషను ఇంకా దూరం. పొద్దున్నుంచీ తిప్పిన ఆటో ఇవతలి ఒడ్డునే ఉండిపోయింది కాబట్టి అవతల ఇంకో ఆటో మాట్లాడుకోవాలి. ఆ చీకట్లో, ఆ తొందరలో, అవతలివాడు చెప్పిందే రేటు.

ఇది వర్షాకాలం కాని రోజుల సంగతి. తుంగభద్ర డ్యాం నుంచి నీళ్ళు వదిలితే బోట్లు అసలే తిరగవు. నది ఒడ్డున ఉన్న పురందరదాస మంటపం మునుగుతుంది. కవర్లో పచ్చగా, మబ్బుగా ఉన్న ఫోటో పెట్టి, లోపల బోటు దాటమని రాసే పోస్టుల్లో ఫోటో ఒక ఋతువుది, సలహా ఇంకో ఋతువుది. కారౌజెల్‌లో అన్ని నెలలూ ఒక్కటే.

ఇప్పుడు మూడోది, డబ్బు. ఇక్కడ కారౌజెల్‌కి నేను ఒక నమస్కారం పెట్టాలి. మన యాత్రా రచనల్లో చాలావాటిల్లో డబ్బు సంగతి మొహమాటంగా దాటేస్తారు. ఎవరో స్నేహితుడు కారు పంపుతాడు, ఎవరింట్లోనో భోజనం. మొదటి జీతం చేతికొచ్చి, ఇంట్లో చెప్పి తొలిసారి ఒంటరిగా బయల్దేరే అమ్మాయికి కావలసింది ముందు అంకె. ఆ అంకెని సిగ్గుపడకుండా కవరు మీదే వేసింది ఈ కారౌజెలే. అది చిన్న పనేం కాదు. అందుకే ఆ అంకె నిజంగా ఉండాలని అడుగుతున్నాను.

₹3,500 ఎలా వచ్చిందో చూద్దాం. లెక్క తేలిగ్గా ఉండడానికి గుండు అంకెలు వేస్తున్నాను, అసలు రేట్లు రోజుని బట్టి, బేరాన్ని బట్టి మారతాయి. రైలు రానూపోనూ 800. ఒక రాత్రి గది 800. రెండు రోజుల ఆటో 800. తిండి 1000. టికెట్లూ చిల్లరా 100. మొత్తం 3,500. పట్టిక సరిపోయింది, కూడికలో తప్పు లేదు. కానీ గది అసలు అద్దె 1600, దాన్ని ఇద్దరు పంచుకున్నారు. ఆటో రోజుకి 1600, రెండు రోజులకి 3200, దాన్ని నలుగురు పంచుకున్నారు. రెండు వరసల్లో రెండు వేరే భాగహారాలు, రెండూ కనబడవు.

ఇప్పుడు ఇద్దరే వెళ్ళారనుకోండి. గది అలాగే 800, కానీ ఆటో మనిషికి 1600 అవుతుంది. మొత్తం 4,300. ఒక్కరే వెళ్తే గది 1600, ఆటో 3200, మొత్తం 6,700. అదే రైలు, అదే భోజనం, అవే గుళ్ళు. కవరు మీద అంకెకి దాదాపు రెట్టింపు. అంటే ఆ ₹3,500 హంపి ఖరీదు కాదు, నలుగురు స్నేహితులున్న మనిషికి హంపి ఖరీదు. ఒంటరిగా వెళ్ళే అమ్మాయికి ధైర్యం ఇవ్వాల్సిన పట్టిక సరిగ్గా ఆమె విషయంలోనే తప్పుతుంది. దీనికి మందు చాలా సులువు. తలకయ్యే ఖర్చుని ఒక వరసలో, ఎంతమంది వెళ్ళినా మారని ఖర్చుని ఇంకో వరసలో వేస్తే చాలు. రైలు, తిండి, టికెట్లు మొదటి రకం. గది, ఆటో రెండో రకం. తర్వాత ఎవరి భాగహారం వాళ్ళు చేసుకుంటారు. కానీ అలా వేస్తే కవరు మీద పెట్టడానికి ఒక్క అంకె దొరకదు. ఆ ఒక్క అంకె కోసమే స్లైడు ఈ సంగతి దాచిందని నా అనుమానం.

టికెట్ల వరసలో ఇంకో చిన్న తమాషా ఉంది. విఠలాలయం, లోటస్ మహల్ ఉన్న జనానా ఆవరణ, కమలాపురం మ్యూజియం, ఈ మూడింటికీ పురావస్తు శాఖ ఇచ్చే టికెట్టు ఒక్కటే. మన దేశం వాళ్ళకి ₹40, విదేశీయులకి ₹600. అది కొన్న రోజుకే చెల్లుతుంది. మన నమూనాలో విఠలాలయం మొదటి రోజు, లోటస్ మహల్ రెండో రోజు. అంటే రెండుసార్లు కొనాలి. మనకి నలభై రూపాయలే కదా అనిపిస్తుంది. విదేశీ స్నేహితుణ్ణి వెంటేసుకెళ్తే అది ఆరు వందలు. అయితే డబ్బుకంటే నాకు ముఖ్యమైంది ఇంకొకటుంది. టికెట్టు మీద రాసి ఉన్న షరతుని బట్టి రోజుల్ని విడగొట్టాలని తట్టలేదంటే, ఆ ఇటినరరీ రాసిన మనిషి టికెట్టు చేతిలో పట్టుకుని ఆ ఎండలో ఇటు నుంచి అటు తిరిగి ఉండడు. పైగా ఆ మ్యూజియానికి శుక్రవారం సెలవు. లాంగ్ వీకెండ్లు చాలాసార్లు మొదలయ్యేది శుక్రవారంతోనే.

సలహాల స్లైడుకి వద్దాం. నీళ్ళ సీసా పెట్టుకోండి, సౌకర్యంగా ఉండే చెప్పులు వేసుకోండి, నగదు దగ్గర ఉంచుకోండి, సన్‌స్క్రీన్ మర్చిపోకండి. వీటిని కొలిచే పద్ధతి ఒకటుంది. 'హంపి' అన్న మాట కొట్టేసి 'లేపాక్షి' అనో 'గండికోట' అనో పెట్టి చూడండి. వాక్యం చెక్కు చెదరకపోతే అది హంపి గురించిన సలహా కాదు, స్లైడు నింపే గడ్డి. శుక్రవారం మ్యూజియం మూత, ఒక్క రోజే చెల్లే టికెట్టు, చీకటికి ముందే ఆగే బోటు: ఇవి వేరే ఊరికి అంటించలేం. విఠలాలయంలో సంగీత స్తంభాలని మీటనివ్వరన్నదీ అలాంటిదే. కవరు మీద రథం పక్కన చెయ్యేసి నిలబడిన పాత ఫోటో చూసి ఆశపడి వెళ్ళేవాళ్ళకి, ఇప్పుడు రథాన్ని ముట్టుకునేంత దగ్గరికి పోనివ్వరని ముందే చెప్పాలి. యాభై రూపాయల నోటు మీద రోజూ చూసే రథమే కదా, ఎదురుగా చూశాక కూడా కొంచెం దూరంగానే ఉంటుంది.

ఇవన్నీ సమాచార దోషాలే, దిద్దుకుంటే పోతాయి అనొచ్చు. నేను అలా అనుకోను. ఈ దోషాలన్నిటికీ వేరు ఒక్కచోటే ఉంది, అది కారౌజెల్ వాడే క్రియాపదంలో. యాత్రా రచన 'వెళ్ళాను' అంటుంది. కారౌజెల్ 'వెళ్ళండి' అంటుంది. 'వెళ్ళాను' అన్న మనిషిని ఎప్పుడు, ఎలా, ఎవరితో అని నిలదీయొచ్చు. బోటు దొరకలేదంటే అతను ఆ మాట చెప్పి తీరాలి, లేకపోతే కథ ముందుకి నడవదు. 'వెళ్ళండి' అన్నవాడికి ఆ బాధ లేదు. విధ్యర్థకంలో ఎవరికీ బోటు తప్పదు, ఎవరికీ కాళ్ళు నొప్పెట్టవు, ఏ గుడీ మూసి ఉండదు. అందుకే అసలు వెళ్ళనివాడు కూడా ఈ రూపంలో నదురు బెదురు లేకుండా రాయగలడు, చదివేవాడికి తేడా తెలియదు.

అయితే ఉపయోగమూ సాక్ష్యమూ ఒకదానికొకటి పడవా? పడతాయని మన భాషలోనే ఋజువుంది. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. అచ్చయింది 1838లో. కాశీయాత్ర చరిత్రని మనం సాధారణంగా చరిత్ర కోసం, భాష కోసం చదువుతాం. ఒకసారి కారౌజెల్ చదివినట్టు చదివి చూడండి. తేదీ వారీగా మజిలీలు. మజిలీకీ మజిలీకీ మధ్య దూరం, దారి ఎలాంటిది, దిగిన ఊళ్ళో అంగళ్ళున్నాయా, నీళ్ళున్నాయా, దిగడానికి చోటుందా. రెండు వందల ఏళ్ళ కిందటి మొదటిసారి యాత్రికుడికి కావలసినవన్నీ ఉన్నాయి. అయితే అదంతా 'దిగాను, చూశాను' అనే క్రియల్లోంచి వచ్చింది. ఆయన దారి సుఖంగా ఉందన్నా, బురదగా ఉందన్నా ఆ మాట వెనక ఒక మనిషి, ఒక తేదీ ఉన్నాయి. తర్వాత వెళ్ళేవాడు తన నెలకీ ఆ నెలకీ తేడా చూసుకుని లెక్క సరిచేసుకోగలడు. నోడ్లూ ఎడ్జిలూ రెండూ ఉన్న రచన అది.

మళ్ళీ నాలుగు వందల పేజీలు రాయమని ఎవర్నీ అడగడం లేదు. ఆ పది స్లైడ్లే ఉంచండి, బొమ్మలు ఉంచండి, అంకెలూ ఉంచండి. క్రియ ఒక్కటి మార్చి చూడండి, మిగతావి వాటంతటవే ఎలా వచ్చి పడతాయో. ఇదుగో, మన నమూనాలోని మొదటి రోజు స్లైడుని నేనైతే ఇలా రాస్తాను:

'జనవరి, శనివారం. ముగ్గురం, అందులో ఒకరికి మోకాళ్ళ నొప్పి. బస కమలాపురంలో, అంటే ఇవతలి ఒడ్డు. పొద్దున్నే టికెట్టు కొని విఠలాలయం చూశాం, చివరి కిలోమీటరు బ్యాటరీ బండిలో. అదే టికెట్టుతో లోటస్ మహల్, ఏనుగుల శాల, మధ్యాహ్నం ఎండలో మ్యూజియం. ఆటో రోజంతటికీ ఒక్కటే, ఖర్చు ముగ్గురికీ కలిపి వేశాం. సాయంత్రం హేమకూటం ఎక్కాం, మాతంగ పర్వతం ఎక్కలేదు, మోకాళ్ళు ఒప్పుకోలేదు. నది దాటడం రేపు పొద్దున, వెలుగుండగానే వెనక్కి వచ్చేలా.'

ఒక్క స్లైడులో పడుతుంది. అక్షరాలు కొంచెం చిన్నవి చెయ్యాలి, అంతే.